నమ్మదగని కథకుడు, రచయిత: వ్యాసం రాసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

'నేను' అని చెప్పుకుపోయే నవల గురించి సమీక్షో, పరీక్షకు వ్యాసమో, పరిశోధన అధ్యాయమో రాసేటప్పుడు వచ్చే సందేహాలు ఇవి. జవాబులన్నింటికీ ఒకే నవలను ఆధారంగా తీసుకున్నాను. అది కజువో ఇషిగురో 1989లో ప్రచురించిన 'ద రిమెయిన్స్ ఆఫ్ ద డే'. ఆ ఏడాది బుకర్ బహుమతి దానికే వచ్చింది. మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్ళలో చాలామందికి తెలిసిన పుస్తకమే. చదవనివాళ్ళ కోసం కథ కింద క్లుప్తంగా చెప్పాను. ముగింపు కూడా అందులోనే తెలిసిపోతుంది, కాబట్టి ముందు నవల చదవాలనుకునేవాళ్ళు చదివాక రండి.

రచయిత వేరు, కథ చెప్పే పాత్ర వేరు అని అందరికీ తెలుసు. ఇంక సమస్య ఎక్కడ?

తెలియడంలో లేదు, రాయడంలో ఉంది. "రచయితకూ కథకుడికీ తేడా ఉంది" అని మొదటి పేరాలో చక్కగా రాసినవాళ్ళే, మూడో పేరాకి వచ్చేసరికి కథకుడి మాటను ఇషిగురో అభిప్రాయంగా రాసేస్తారు. ఇది ఒక రకం పొరపాటు, దీన్ని పట్టుకోవడం తేలిక. రెండో రకం అంత తేలిగ్గా దొరకదు. కథకుడు ఒక సంఘటనకు ఇచ్చిన వివరణను, రచయిత పేరూ పాత్ర పేరూ లేకుండా, జరిగిన విషయంగా రాసేయడం. "ఆ ఉత్తరంలో ఆమె తిరిగి రావాలని కోరింది" అని రాశారనుకోండి. కోరింది అని ఎవరన్నారు? కథకుడన్నాడు. మీ వాక్యంలో మాత్రం అది నిజమై కూర్చుంది. మార్కులు పోయేది, సమీక్ష పక్కదారి పట్టేది ఎక్కువగా ఈ రెండోదాని వల్లే.

ఈ నవల కథ ఏమిటి?

కథకుడు స్టీవెన్స్. ఇంగ్లండులో డార్లింగ్టన్ హాల్ అనే పెద్ద బంగళాలో బట్లర్. 1956 జూలైలో, ఆ ఇంటిని కొన్న అమెరికన్ యజమాని ఫారడే కారు ఇచ్చి కొన్నాళ్ళు తిరిగి రమ్మంటాడు. ఒకప్పుడు అదే ఇంట్లో హౌస్‌కీపర్‌గా చేసిన మిస్ కెంటన్ దగ్గర్నుంచి ఆ రోజుల్లోనే ఒక ఉత్తరం వస్తుంది. ఇప్పుడు ఆమెకు పెళ్ళయింది, మిసెస్ బెన్. ఆమెను మళ్ళీ ఉద్యోగానికి పిలవాలని స్టీవెన్స్ బయల్దేరతాడు. దారి పొడవునా పాత రోజులు తలచుకుంటాడు. పాత యజమాని లార్డ్ డార్లింగ్టన్ రెండు యుద్ధాల నడుమ జర్మనీతో సఖ్యత కోసం తంటాలుపడి, చివరికి నాజీల చేతిలో పావుగా మారిన పెద్దమనిషి. అలాంటి మనిషికి తన జీవితమంతా ధారపోశానని, మిస్ కెంటన్ తనను ప్రేమించిందని, తనూ ఆమెను ప్రేమించాడని స్టీవెన్స్ నేరుగా ఒప్పుకోడు. ఆమెను కలిశాక, చివరి భాగంలో, ఒకటి రెండు వాక్యాల్లో మాత్రం ఒప్పుకుంటాడు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

నవలంతా అతనే చెబుతున్నాడు. అతని మాట నమ్మొద్దని మనకు ఎవరు చెబుతారు?

అతనే చెబుతాడు, తనకు తెలియకుండా. అది ఎలా జరుగుతుందో ఒక ఘట్టంలో వివరంగా చూద్దాం. మిగతా ప్రశ్నలకు కూడా ఇదే ఆధారం.

1923 మార్చి. డార్లింగ్టన్ హాల్‌లో పెద్ద సమావేశం జరుగుతోంది. వేరే దేశాల ప్రతినిధులు వచ్చారు. అదే ఇంట్లో పనిచేస్తున్న స్టీవెన్స్ తండ్రి మేడ మీద చిన్న గదిలో చావుబతుకుల్లో ఉన్నాడు. స్టీవెన్స్ ఓసారి పైకి వెళ్ళి చూసి, మళ్ళీ కిందికి వచ్చి అతిథులకు మద్యం పోస్తున్నాడు. ఈ భాగమంతా అతను చెప్పే తీరులో బాధ అన్న మాట ఉండదు. గ్లాసులు, అతిథులు, ఎవరు ఎవరితో ఏం మాట్లాడారు, ఇదే. అంతలో లార్డ్ డార్లింగ్టన్ దగ్గరికి వచ్చి, బాగానే ఉన్నావా అని అడుగుతాడు. నువ్వు ఏడుస్తున్నట్టు కనబడుతున్నావు అంటాడు. స్టీవెన్స్ నవ్వి, జేబురుమాలు తీసి గబగబా మొహం తుడుచుకుని, క్షమించండి, రోజంతా పని ఒత్తిడి అంటాడు.

ఇక్కడ ఆగి చూడండి. అతను ఏడుస్తున్నాడన్న సంగతి కథనంలో లేదు, సంభాషణలో ఉంది. 'నేను ఏడ్చాను' అని కథకుడు చెప్పలేదు. 'నువ్వు ఏడుస్తున్నావు' అని ఇంకొకరు అన్న మాటను మాత్రం, ఉన్నది ఉన్నట్టు మనకు అప్పజెప్పాడు. మంచి బట్లర్‌లా యజమాని మాటను మార్చకుండా చేరవేశాడు. ఆ మాట తన కథనాన్ని పడగొడుతుందని అతనికి తట్టలేదు.

తర్వాత కాసేపటికి మిస్ కెంటన్ వచ్చి, తండ్రి పోయాడని చెబుతుంది. పైకి వస్తారా అంటే ఇప్పుడు తీరిక లేదంటాడు. అయితే ఆయన కళ్ళు నన్ను మూయమంటారా అని ఆమె అడుగుతుంది. డాక్టరు వచ్చాక, కాళ్ళ నొప్పితో గోల పెడుతున్న ఫ్రెంచి అతిథిని చూడమని స్టీవెన్స్ ఆయన్ను తీసుకెళ్తాడు. ఇంత చెప్పి, ఆ రాత్రిని తలచుకుంటే తనకు గొప్ప విజయం సాధించిన భావన కలుగుతుందంటాడు.

ఇక 1956కి, నవల చివరికి రండి. వేమత్ అనే సముద్రతీర పట్నం. రేవు మీద బెంచీలో పక్కన కూర్చున్న అపరిచితుడితో స్టీవెన్స్ తన జీవితం గురించి మాట్లాడుతుంటాడు. ఉన్నట్టుండి ఆ మనిషి, రుమాలు కావాలా అని అడుగుతాడు. ఇక్కడా అంతే. కన్నీళ్ళ గురించి కథకుడు ఒక్క ముక్క కూడా చెప్పలేదు, ఎదుటివాడి మాట వల్లే మనకు తెలుస్తుంది. స్టీవెన్స్ మళ్ళీ అదే సాకు చెబుతాడు: ప్రయాణం వల్ల అలసట.

ముప్ఫై మూడేళ్ళ దూరంలో ఉన్న ఈ రెండు సంఘటనలూ ఒకే అచ్చులో ఉన్నాయి. స్టీవెన్స్ వాటిని ఎక్కడా కలిపి చూడడు. 'అప్పుడూ ఇలాగే జరిగింది' అనడు. మరి ఆ పోలికను అక్కడ ఎవరు పెట్టారు? కథకుడికి తెలియనిది, పుస్తకంలో స్పష్టంగా ఉన్నది ఏదైనా ఉంటే అది రచయిత పని. వ్యాసంలో ఇషిగురో పేరు ధైర్యంగా రాయదగిన చోటు ఇలాంటిది.

అయితే స్టీవెన్స్ అబద్ధాలకోరు అని రాయొచ్చా?

ఆ మాటతో మొత్తం నవలను కొలిస్తే చాలా నష్టపోతారు. అతను నమ్మదగనివాడే, కానీ అన్ని విషయాల్లో ఒకేలా కాదు. వ్యాసానికి బలం వచ్చేది ఏ విషయంలో, ఏ రకంగా నమ్మలేమో విడదీసి చెప్పినప్పుడే.

ఒకటి, పచ్చి అబద్ధం. దారిలో కారుకి నీళ్ళు పోసి సాయం చేసిన మనిషి, మీరు లార్డ్ డార్లింగ్టన్ దగ్గర పనిచేశారా అని అడిగితే, లేదంటాడు. అంతకుముందు ఇంటికి వచ్చిన అతిథురాలి దగ్గరా అలాగే బుకాయిస్తాడు. కానీ ఆ అబద్ధాలు చెప్పింది వాళ్ళకు. మనకు మాత్రం, నేను అలా అన్నాను అని విప్పి చెబుతాడు. ఆ తర్వాత ఇచ్చే కారణం దగ్గర తడబడతాడు: యజమాని గురించి పిచ్చి మాటలు వినాల్సి వస్తుందని అలా అన్నానంటాడు. ఇక్కడ సంఘటన నమ్మదగినదే, కారణమే నమ్మలేనిది.

రెండోది, మనసులో కోరిక ఉండి ఒక విషయానికి లేని అర్థం తీయడం. మిస్ కెంటన్ ఉత్తరంలో తిరిగి రావాలన్న కోరిక స్పష్టంగా ఉందని మొదట గట్టిగా అంటాడు. ప్రయాణం సాగేకొద్దీ ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటాడు. చివరికి, తాను ఆ వాక్యాల్లో ఉన్నదానికంటే ఎక్కువ చదివి ఉండొచ్చని ఒప్పుకుంటాడు. ఉత్తరం మారలేదు, చదివే మనిషి ధైర్యం మారింది.

మూడోది జ్ఞాపకం జారిపోవడం. మూసి ఉన్న తలుపు ముందు నిలబడి, లోపల మిస్ కెంటన్ ఏడుస్తోందని తనకు అనిపించిన క్షణం ఒకటి స్టీవెన్స్‌కు గుర్తు. మొదట దాన్ని ఆమె అత్త చనిపోయిన రోజుకు ముడిపెడతాడు. తర్వాత ఆలోచించి, తాను పొరబడి ఉండొచ్చంటాడు. ఆ క్షణం కొన్ని నెలల తర్వాతిదని, జర్మన్ రాయబారితో రహస్య సమావేశం జరిగిన రాత్రిదని సరిచేస్తాడు. ఆ రాత్రే ఆమె, నన్ను పెళ్ళి చేసుకుంటానన్న మనిషికి సరేనన్నానని అతనికి చెప్పింది. అంటే ఆ ఏడుపుకు మొదట అతను చెప్పిన కారణం అత్త చావు. దిద్దుకున్నాక మిగిలిన కారణం అతనే. ఆ మాట మాత్రం అనడు. తేదీని దిద్దుకుంటాడు, అర్థం చెప్పడు. నా దృష్టిలో నవలలో ఇంతకంటే నిజాయితీగల చోటు లేదు, ఇంతకంటే తప్పించుకున్న చోటూ లేదు.

కాబట్టి 'అబద్ధం', 'ఆత్మవంచన', 'మరుపు' అనే మూడింటినీ కలిపేయకండి. మీరు రాస్తున్నది ఏ ఘట్టమో దాన్నిబట్టి మాట ఎంచుకోండి.

రచయిత పేరు ఎక్కడ రాయాలి, కథకుడి పేరు ఎక్కడ రాయాలి?

ప్రతి క్రియకూ కర్త ఎవరో చూసుకోవాలి. చెప్పడం, నమ్మడం, గుర్తు చేసుకోవడం, సమర్థించుకోవడం, దాటవేయడం స్టీవెన్స్ పనులు. అమర్చడం, పక్కపక్కన పెట్టడం, ఎక్కడ ఆపాలో నిర్ణయించడం, ఒక పాత్ర నోట ఒక మాట పలికించడం ఇషిగురో పనులు.

అమరికకు మంచి ఉదాహరణ నవల విభాగాలే. మొదటిది తప్ప ప్రతి విభాగం మీద రోజు, పూట, ఊరు ఉంటాయి. నాలుగో రోజు మధ్యాహ్నం స్టీవెన్స్ మిస్ కెంటన్‌ను కలవబోతూ ఎదురుచూస్తుంటాడు. పేజీ తిప్పితే ఆరో రోజు సాయంత్రం. అయిదో రోజు లేదు. ఆ కలయికలో ఆమె, మీతో గడిపి ఉండగల జీవితం గురించి అప్పుడప్పుడు ఆలోచిస్తానంటుంది. ఆ క్షణంలో నా గుండె పగులుతోంది అని స్టీవెన్స్ మనతో అంటాడు. అన్ని పేజీల నవలలో అతను అంత సూటిగా మాట్లాడేది ఇక్కడే. అది చెప్పడానికి అతనికి రెండు రోజులు పట్టింది. నోరు పెగలని ఆ రోజు కథకుడిది. దాన్ని ఖాళీ విభాగంగా మన ముందు పెట్టింది రచయిత. వ్యాసంలో ఈ రెండు వాక్యాలూ విడివిడిగా రావాలి.

తప్పుగా రాసిన పేరాను ఎలా సరిదిద్దాలో చూపించగలరా?

తరచుగా కనబడే తరహా పేరా ఒకటి రాస్తాను:

"ఇషిగురో దృష్టిలో హుందాతనం అంటే భావాలను అణచుకోవడం. తండ్రి చనిపోతున్నా స్టీవెన్స్ ఏమాత్రం చలించకుండా విధి నిర్వహించాడు. ఆ రాత్రి అతని జీవితంలో గొప్ప విజయం."

మూడు వాక్యాలు, మూడు తప్పులు. మొదటి వాక్యంలో స్టీవెన్స్ సిద్ధాంతాన్ని ఇషిగురోకి అంటగట్టారు. హుందాతనం గురించి పేజీలకు పేజీలు మాట్లాడేది స్టీవెన్స్. తన తండ్రి ఇష్టంగా చెప్పే కథ ఒకటి అతను మనకు చెబుతాడు: ఇండియాలో ఒక బట్లర్ భోజనాల బల్ల కింద పులిని చూసి, కంగారు పడకుండా దాన్ని కాల్చేసి, భోజనం వేళ మారకుండా చూస్తాడు. ఆ ఆదర్శాన్ని మెచ్చుకునేది కథకుడు. రచయిత దాన్ని పరీక్షకు పెట్టాడు.

రెండో వాక్యంలో 'ఏమాత్రం చలించకుండా' అన్నది కథకుడు మనకు చూపాలనుకున్న బొమ్మ. లార్డ్ డార్లింగ్టన్ ప్రశ్న ఆ బొమ్మను అక్కడికక్కడే చెరిపేసింది. మూడో వాక్యంలో 'విజయం' స్టీవెన్స్ వాడిన మాట. కొటేషన్ గుర్తులు గానీ, 'అంటాడు' గానీ లేకపోవడంతో మీ తీర్పుగా మారిపోయింది.

దిద్దితే ఇలా ఉండొచ్చు:

"బట్లర్ అనేవాడు ఏ పరిస్థితిలోనూ తన వృత్తి ముసుగు తీయకూడదని స్టీవెన్స్ నమ్ముతాడు. తండ్రి మరణించిన రాత్రిని కూడా ఆ నమ్మకంతోనే చెబుతాడు, దాన్ని విజయంగా లెక్కవేస్తాడు. కానీ అతని కథనంలోనే లార్డ్ డార్లింగ్టన్, నువ్వు ఏడుస్తున్నట్టున్నావు అంటాడు. స్టీవెన్స్ చెప్పుకోలేని దుఃఖాన్ని ఇషిగురో ఇలా ఇంకో పాత్ర నోట పలికిస్తాడు. చివర్లో వేమత్‌లో అపరిచితుడు రుమాలు ఇవ్వబోయినప్పుడు ఇదే పద్ధతి మళ్ళీ కనబడుతుంది."

పొడవు కాస్త పెరిగింది. కానీ ప్రతి మాట ఎవరిదో తెలుస్తోంది, ఆధారం పుస్తకంలోంచే వచ్చింది. ముఖ్యంగా 'కానీ అతని కథనంలోనే' అన్న ముక్క చూడండి. సాక్ష్యం బయట నుంచి తెచ్చింది కాదని అది చెబుతుంది.

తెలుగులో రాస్తున్నప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. తెలుగులో కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. మామూలుగా అది భాషకు అందం. ఇలాంటి వ్యాసంలో మాత్రం 'డార్లింగ్టన్‌ను మంచి మనసున్న పెద్దమనిషిగా చిత్రించారు' అని రాస్తే చిత్రించింది ఎవరో తెలియదు. స్టీవెన్స్ చిత్రించాడా, ఇషిగురో చిత్రించాడా? రెండూ పూర్తిగా వేరు వాదాలు. ఇలాంటి చోట పేరు రాయండి, రెండుసార్లు వచ్చినా ఫరవాలేదు.

కథకుడి మాటకు దూరం చూపించడానికి కొందరు 'విజయమట', 'తీరిక లేదట' అని రాస్తారు. దూరమైతే తెలుస్తుంది గానీ వెటకారం కూడా అంటుకుంటుంది. స్టీవెన్స్ వెటకారానికి తగినవాడు కాదు. 'అంటాడు', 'అని అతని లెక్క', 'అని సమర్థించుకుంటాడు' లాంటివి చాలు.

యూదు పనిమనుషుల్ని తీసేసిన సంఘటనలో రచయిత ఎవరి పక్షం?

1932లో లార్డ్ డార్లింగ్టన్ ఇంట్లో పనిచేసే రూత్, సారా అనే ఇద్దరు యూదు అమ్మాయిల్ని, వాళ్ళు యూదులన్న ఒకే కారణంతో తీసేయమంటాడు. మిస్ కెంటన్ ఎదురుతిరుగుతుంది, నేనూ మానేస్తానంటుంది. స్టీవెన్స్ చెప్పిన పని చేసేస్తాడు. మనతో మాత్రం, లోలోపల తనకు అది ఇష్టం లేదంటాడు. ఏడాది దాటాక యజమాని పశ్చాత్తాపపడితే, అప్పుడు వెళ్ళి మిస్ కెంటన్‌తో, నాకూ అప్పట్లో బాధ కలిగిందంటాడు. ఆమె నివ్వెరపోయి, ఎందుకు, ఎప్పుడూ ఎందుకు ఇలా నటిస్తారు అని నిలదీస్తుంది.

ఇక్కడ "ఇషిగురో మిస్ కెంటన్ ద్వారా తన మాట చెప్పాడు" అని రాయడం అందరికీ వచ్చే ఆలోచన. అదీ తొందరపాటే. మానేస్తానన్న ఆమె మానలేదు. వెళ్ళడానికి చోటు లేక భయపడ్డానని, తాను పిరికిదాన్నని తర్వాత ఒప్పుకుంటుంది. రచయిత ఆమెను కూడా తక్కెడలో వేశాడు. కథకుడి చేతిలోంచి తీసుకున్న మైకును ఇంకో పాత్రకు ఇచ్చి అదే రచయిత గొంతు అనుకోవడం, పాత తప్పునే కొత్త చోట చేయడం. పుస్తకం గురించి మీరు గట్టిగా చెప్పగలిగింది ఇది: అసమ్మతిని మనసులో దాచుకుంటే తప్పులో తన వాటా తగ్గుతుందన్న స్టీవెన్స్ వాదనను ఈ రెండు సంభాషణలూ నిలబడనివ్వవు.

రచయిత జీవితం, ఇంటర్వ్యూలు ఆధారంగా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ వాటికి తగిన పని అప్పగించండి. ఇషిగురో 1954లో నాగసాకిలో పుట్టాడు, అయిదేళ్ళ వయసులో ఇంగ్లండు వచ్చాడు. స్టీవెన్స్ కారు ప్రయాణం జరిగిన 1956 నాటికి ఆయన పసివాడు. బట్లర్ల లోకం ఆయన స్వానుభవం కాదన్నది దీనితో తేలుతుంది, అంతవరకే. "వలస వచ్చినవాడు కాబట్టి ఇంగ్లీషు పెద్దింటిని బయటివాడిలా చూశాడు" అని రాస్తే అది ఊహ. ఆ ఊహకు నవలలో ఫలానా పేజీ బలం ఇస్తోందని చూపించగలిగితేనే ఉంచండి.

ఇంటర్వ్యూ సంగతీ అంతే. రచయిత ఏం చేయాలనుకున్నాడో అది చెప్పొచ్చు. చేశాడా లేదా అన్నది పుస్తకంలోనే చూడాలి.

'ఇంప్లైడ్ ఆథర్' అనే మాట తప్పనిసరిగా వాడాలా?

అక్కర్లేదు. అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్ 1961లో వచ్చిన తన పుస్తకంలో, నమ్మదగని కథకుడు అన్న మాటతోపాటు దీన్నీ వాడుకలోకి తెచ్చాడు. పుస్తకం చదువుతుంటే దాని వెనకున్న విలువలను బట్టి మనం ఊహించుకునే రచయిత అన్నమాట. రక్తమాంసాలున్న ఇషిగురో ఇంట్లో ఏమనుకుంటాడో మనకు తెలియదు, తెలియనక్కర్లేదు. పైన నేను 'ఇషిగురో అమర్చాడు' అన్న ప్రతిచోటా నా ఉద్దేశం ఆ ఊహించుకున్న రచయితే. పరిశోధన వ్యాసమైతే ఒకసారి ఈ సంగతి చెప్పి, తర్వాత మామూలుగా పేరు రాసుకుపోవచ్చు. సమీక్షలో అదీ అవసరం లేదు.

తెలుగు నవలల్లో ఇలాంటి కథకులు లేరా?

ఉన్నారు. వెంటనే గుర్తొచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టరు పార్వతీశం'. అక్కడా 'నేను' అనే చెబుతాడు. టోపీ కొనుక్కుని గొప్పగా పెట్టుకుంటాడు, అది ఆడవాళ్ళ టోపీ అని అతనికి తెలియదు. చుట్టుపక్కలవాళ్ళ నవ్వు వల్ల మనకు తెలుస్తుంది. కథకుడికి అందని సంగతి పాఠకుడికి అందడంలో పార్వతీశం, స్టీవెన్స్ చుట్టాలే. తేడా ఒకటుంది. పార్వతీశానికి తెలియదు, స్టీవెన్స్ తెలుసుకోడు. అమాయకుడైన కథకుడి గురించి రాసేటప్పుడు 'దాటవేశాడు', 'సమర్థించుకున్నాడు' లాంటి క్రియలు అతకవు. నరసింహశాస్త్రి గారు కూడా చదువు కోసం సముద్రం దాటినవారే కాబట్టి పార్వతీశమే ఆయన అనేయడం సులువు. అమాయకుణ్ణి చూసి మనం ఎక్కడ నవ్వాలో అంత కచ్చితంగా తెలిసిన మనిషి ఆ అమాయకుడు కాలేడు.

మరి కథకుడు చెప్పినదాంట్లో దేన్నీ నమ్మకూడదా?

అలా మొదలుపెడితే వ్యాసం రాయడానికి నేల మిగలదు. సమావేశం జరిగిందా, తండ్రి చనిపోయాడా, మిస్ కెంటన్ అసలు ఉందా అని అనుమానించడానికి ఈ నవలలో కారణం లేదు. పుస్తకమే అనుమానించమన్న చోట అనుమానించండి: అతని మాటకీ ఇంకొకరి మాటకీ పొత్తు కుదరని చోట, అతను తన మాటను తానే దిద్దుకున్న చోట, అడగని ప్రశ్నకు సంజాయిషీ ఇచ్చుకున్న చోట. మూడోదాన్ని చాలామంది గమనించరు. స్టీవెన్స్ ఒక పనికి వృత్తిపరమైన కారణాలు వరసగా చెప్పుకొస్తున్నాడంటే, అక్కడ వృత్తికి సంబంధం లేనిదేదో ఉందన్నమాట. ఇంట్లో పనివాళ్ళు చాలడం లేదు, అందుకే మిస్ కెంటన్‌ను చూడాలి అని అతను లెక్కలు చెప్పే తొలి పేజీలు ఈ కంటితో మళ్ళీ చదవండి.

ఇలాంటి గుర్తు ఒక్కటి కూడా చూపించలేకపోతే, 'కథకుడు అబద్ధం చెబుతున్నాడు' అన్న మీ వాదన నచ్చినా సరే వదిలేయండి.

సినిమా చూసి రాస్తే సరిపోతుందా?

1993లో వచ్చిన సినిమా మంచి సినిమా. కానీ ఈ విషయానికి అది సాక్ష్యం కాదు. తెర మీద స్టీవెన్స్‌ను కెమెరా బయటి నుంచి చూస్తుంది. అతని మొహంలో బాధ మనకు నేరుగా కనబడుతుంది. నవలలో ఆ మొహాన్ని మనకు చూపించడానికి అతను తప్ప ఎవరూ లేరు, అతనేమో చూపించడు. సినిమా గుర్తుతో నవల మీద రాసేవాళ్ళు 'స్టీవెన్స్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి' అని రాయడం దీనివల్లే. నవలలో ఆ వాక్యం లేదు.

రాయడం అయిపోయాక ఎలా సరిచూసుకోవాలి?

రెండు రంగుల పెన్నులు తీసుకోండి. రచయిత పేరు వచ్చిన ప్రతి వాక్యం కింద ఒక రంగు గీత, స్టీవెన్స్ పేరు వచ్చినచోట రెండోది. ఏ గీతా పడని వాక్యాలు కొన్ని మిగులుతాయి. అవి కథలో జరిగిన సంగతులు చెప్పేవి అయి ఉంటాయి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఇది మనకు ఎవరి నోటి ద్వారా తెలిసింది అని అడగండి. సంభాషణ ద్వారా అయితే ఎవరన్నారో రాయండి. స్టీవెన్స్ వ్యాఖ్య అయితే అతని పేరు చేర్చండి. 'మిస్ కెంటన్ తిరిగి రావాలనుకుంది' లాంటివి ఇక్కడే దొరుకుతాయి.

రచయిత పేరున్న వాక్యాలకు వేరే ప్రశ్న: ఈ సంగతి స్టీవెన్స్‌కు తెలుసా? తెలిసిందే అయితే అది బహుశా అతని అభిప్రాయం, ఇషిగురో పేరు తీసేయండి. వ్యాసం మొత్తంలో ఇషిగురో పేరుతో ఒక్క వాక్యమూ లేకపోతే అదీ లోపమే, అప్పుడు మీరు కథకుడి కథను మళ్ళీ చెప్పి ఊరుకున్నట్టు. అయిదో రోజు లాంటి అమరిక ఒకటి వెతికి పట్టుకుని, దాని మీద కనీసం ఒక పేరా రాయండి.